గుల్మర్గ్‌లో స్కీయింగ్ నేర్చుకోవాలంటే

శ్రీనగర్ నుంచి టంగ్‌మర్గ్ దాకా మామూలు రోడ్డు. అక్కడి నుంచి పదమూడు కిలోమీటర్ల ఘాట్ ఎక్కితే గుల్మర్గ్. కారు దిగీ దిగగానే అద్దె స్కీలు పట్టుకున్న వాళ్ళు చుట్టూ చేరతారు. గంటకు ఇంత అని బేరం కుదుర్చుకుని, కాళ్ళకు స్కీలు తొడిగి, చిన్న దిబ్బ మీద నిలబెట్టి, చెయ్యి పట్టుకుని కొంత దూరం జారనిచ్చి, ఫోన్‌లో వీడియో తీసిపెడతారు. సరదాకి అది చాలు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళే చాలామందికి స్కీయింగ్ అంటే ఆ గంటే. అయితే ఎవరి సాయమూ లేకుండా వాలు మీద మొదలుపెట్టి, అనుకున్న చోట తిరిగి, అనుకున్న చోట ఆగగలగడం అనేది ఒకటుంది. నిజంగా నేర్చుకోవడమంటే అదే. దానికి కనీసం ఐదారు రోజులు కావాలి. ఆ రోజులు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర గడపాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట వాలు సంగతి. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఎంపికలోనే. గుల్మర్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గిన్నెలాంటి మైదానం. దాని అంచు నుంచి గండోలా రెండు దశల్లో పైకి వెళ్తుంది. 1998లో మొదలైన తొలి దశ కొంగ్‌దూరి దాకా, అంటే దాదాపు 3,100 మీటర్లకు తీసుకెళ్తుంది. 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, సుమారు 3,950 మీటర్లకు చేరుస్తుంది. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు గుల్మర్గ్ వచ్చేది ఆ రెండో దశ కోసమే. అక్కడి మంచును యంత్రాలతో చదును చేయరు. పడ్డది పడ్డట్టే మోకాళ్ళ లోతున, ఒక్కోసారి నడుం లోతున ఉంటుంది. మంచుచరియలు విరిగిపడే ప్రమాదమూ అక్కడే ఎక్కువ. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో అఫర్వత్ వైపు చరియల్లో చిక్కుకుని విదేశీ స్కీయర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు అనుభవం లేనివాళ్ళు కారు. కాబట్టి గండోలా టికెట్ దొరకడం వేరు, అక్కడి నుంచి స్కీల మీద దిగడం వేరు. తొలి వారంలో గండోలా ఎక్కితే పైన దృశ్యం చూసి, మళ్ళీ గండోలాలోనే దిగండి.

నేర్చుకునేవాళ్ళకు కావలసిన చోటు కింద, ఊళ్ళోనే ఉంది. గోల్ఫ్ మైదానం పరిసరాల్లో, గండోలా స్టేషన్‌కు దగ్గర్లో మెత్తటి వాలులున్నాయి. కొన్నింటికి డ్రాగ్ లిఫ్ట్‌లు కూడా ఉన్నాయి. అక్కడ కూడా ఏ వాలైతే ఆ వాలు మంచిదనుకోకూడదు. చాలామంది వాలు పైభాగం చూసి, ఎంత నిటారుగా ఉందో అంచనా వేస్తారు. చూడాల్సింది అడుగుభాగం. తొలిరోజు మీకు ఆగడం రాదు. వాలే మిమ్మల్ని ఆపాలి. కింద విశాలమైన చదును నేల ఉంటే, ఇంకా మేలైతే ఎదురుగా కొంచెం ఎగువగా లేచే నేల ఉంటే, మీరు ఏమీ చేయకపోయినా వేగం దానంతటదే చచ్చిపోతుంది. అది తెలిసిన మనిషి భయం లేకుండా నిలబడతాడు, మోకాళ్ళు వంచగలుగుతాడు, చెప్పింది వినగలుగుతాడు. కింద కంచె, వాగు, దేవదారు చెట్లు, చాయ్ దుకాణాలు, గుర్రాలు తిరిగే బాట ఉన్న వాలు ఎంత మెత్తనిదైనా మొదటి రోజుకు పనికిరాదు. కళ్ళు కిందున్న అడ్డు మీదే ఉంటాయి, ఒళ్ళు బిగుసుకుపోతుంది.

ఇక ఎంత వాలు ఉండాలి? నూరు అడుగుల దూరానికి ఎనిమిది, పది అడుగులు దిగేది తొలిరోజుకు సరిపోతుంది. యూరప్‌లో కొత్తవాళ్ళ కోసం నీలం రంగు గుర్తు పెట్టే వాలులకు పైహద్దు నూటికి పాతిక. నీలం గుర్తు ఉన్నంత మాత్రాన అది మొదటి గంటకు తగినది అయిపోదని దీన్నిబట్టే అర్థమవుతుంది. గుల్మర్గ్‌లో ఇలాంటి రంగు గుర్తుల మీద ఆధారపడలేం. ఫోన్‌లో వాలు కొలిచే సదుపాయం ఉంటే స్కీ కర్రను మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి చూడండి. ఐదారు డిగ్రీలు చూపిస్తే తొలిరోజుకు, పది డిగ్రీల దాకా అయితే మూడో రోజుకు. పదిహేను దాటితే ఆ వారానికి దాన్ని మరిచిపోవచ్చు. ఇంకో పరీక్ష ఉంది. వాలు ఒక పక్కకు ఒరిగి ఉందేమో చూడాలి. కిందికి చూస్తే నున్నగా కనిపించినా, కుడికో ఎడమకో ఒరిగిన నేల మీద స్కీలు ఎప్పుడూ ఆ పక్కకే లాక్కుపోతాయి. కొత్తవాళ్ళు ఆ తప్పు తమదే అనుకుంటారు.

ఏ నెలలో వెళ్ళాలన్నది తర్వాతి ప్రశ్న. కశ్మీరీలు చలికాలాన్ని మూడు భాగాలు చేస్తారు. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చివరి పది రోజులు చిల్లై బచ్చా. పెద్ద మంచు కురిసేది మొదటి నలభై రోజుల్లోనే అని అక్కడి పెద్దల లెక్క. ఈమధ్య ఆ లెక్క తప్పుతోంది. 2024 జనవరి దాదాపు చివరి దాకా గుల్మర్గ్ గోధుమ రంగు గడ్డితోనే కనిపించింది. నెలాఖరులో కానీ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. అందుకని డిసెంబర్ సెలవులు, కొత్త సంవత్సరం, సంక్రాంతి చూసుకుని ముందే టికెట్లు కొనేసే మనవాళ్ళకు నా సలహా ఒకటే: నేర్చుకోవడానికే వెళ్తుంటే ఫిబ్రవరి మొదటి మూడు వారాల్లో పెట్టుకోండి. అప్పటికి నేల మీద మంచు పేరుకుని, అడుగున గట్టిపడి ఉంటుంది. చలి కూడా జనవరిలో ఉన్నంత కరుకుగా ఉండదు. ఫిబ్రవరిలోనూ హామీ లేదు, కానీ అన్ని నెలల్లోకీ అవకాశం దానికే ఎక్కువ.

కొత్తవాళ్ళకు ఎంత మంచు పడిందన్న దానికంటే ఎలాంటి మంచు ఉందన్నది ముఖ్యం. రాత్రంతా కురిసి పొద్దున తెల్లగా మెత్తగా పరుచుకున్న మంచును చూసి సంబరపడతాం. నేర్చుకునేవాళ్ళకు అది చేటు. స్కీ ముక్కులు లోపలికి దిగబడతాయి, తిరగమంటే తిరగవు. వాళ్ళకు కావలసింది యంత్రంతో తొక్కించి, పలుచగా గట్టిపరిచిన మంచు. అలా తొక్కించే బండిని అక్కడ స్నో బీటర్ అంటారు. పొద్దున ఆ బండి తిరిగిన చారలు మీ వాలు మీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఇన్‌స్ట్రక్టర్ చేత స్కీలతో అడ్డంగా అడుగులు వేయించి ఆ మేర తొక్కించుకోవచ్చు. నెమ్మదిగా సాగే పనే అయినా, మీకు కూడా అది మంచి పాఠం అవుతుంది.

మార్చిలో మంచు పూటపూటకూ మారుతుంది. పగలు ఎండకు కరిగింది రాత్రి గడ్డకట్టి, పొద్దున ఎనిమిదింటికి గాజులా ఉంటుంది. స్కీ అంచు కింద గరగరమని గీసుకుపోయే చప్పుడు వస్తుంటే ఆగిపోండి, ఇంకో గంటా గంటన్నర ఆగితే పైపొర మెత్తబడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక మళ్ళీ చెడుతుంది. తడిసి బరువెక్కిన మంచు స్కీలను ఉన్నట్టుండి పట్టేస్తుంది. కాళ్ళు ఆగుతాయి, ఒళ్ళు ముందుకు పోతుంది. మోకాలు మెలికపడేవి ఇలాంటి సమయాల్లోనే. అందుకే మార్చిలో వెళ్ళినవాళ్ళు పది నుంచి ఒంటిగంట దాకా నేర్చుకుని, మిగతా పూట విశ్రాంతి తీసుకోవడం మేలు.

సామాను అద్దెకు తీసుకోవచ్చు, తొలిసారికి ఏదీ కొననక్కర్లేదు. కానీ బూట్ల దగ్గర మొహమాటపడకండి. స్కీయింగ్‌లో మీ మాట స్కీలకు చేర్చేది బూటే. అద్దె దుకాణంలో ఎక్కువగా జరిగే పొరపాటు, సుఖంగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకోవడం. స్కీ బూటు సైజు పాదం పొడవుతో, సెంటీమీటర్లలో ఉంటుంది. పాదం 26 సెంటీమీటర్లుంటే 26 అడగాలి. ఇంటి దగ్గరే గోడకు మడమ ఆనించి కొలుచుకుని వెళ్ళండి. ఒకే ఒక్క జత పలుచని ఉన్ని సాక్స్ వేసుకోవాలి. చలి అని రెండు జతలు వేస్తే లోపల పాదం జారుతుంది, రక్తప్రసరణ తగ్గి ఇంకా చలేస్తుంది. బూటు తొడిగాక మడమను నేలకేసి రెండుమూడు సార్లు కొట్టి వెనక్కి జరిపి, ముందు పిక్క దగ్గరి బకిల్స్, ఆ తర్వాత పాదం మీదివి పెట్టాలి. నిటారుగా నిలబడితే కాలివేళ్ళు ముందుభాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచగానే వేళ్ళు వెనక్కి తగ్గి, ముంగాలి ఎముక బూటు నాలుకకు గట్టిగా ఆనాలి. అప్పుడు బూటు లోపల మడమ ఎత్తి చూడండి. లేస్తోందంటే బూటు పెద్దదని అర్థం. ఇంకోటి అడగండి. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. దుకాణదారు తొందరపెట్టినా సరే, ఆ పది నిమిషాలు తీసుకోవాలి. పెద్ద బూటుతో మూడు రోజులు కష్టపడి, నాకిది రాదని తేల్చుకుని వెనక్కి వచ్చేసేవాళ్ళున్నారు.

బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. పడినప్పుడు ఇది ఊడిపోవాలి. ఊడకపోతే ఆ పొడవాటి పలక మీ కాలిని మెలిపెడుతుంది. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ అనుభవం చూసి అది ఎంత బలానికి ఊడాలో స్క్రూడ్రైవర్‌తో సరిచేస్తారు. కాబట్టి బరువు సిగ్గుపడకుండా నిజం చెప్పండి, తొలిసారి అన్నదీ చెప్పండి. ఏమీ అడగకుండా, ఏమీ సరిచేయకుండా బూటు టకీమని ఎక్కించి పంపేస్తుంటే ఆ దుకాణం వదిలేసి ఇంకో చోటికి వెళ్ళండి. స్కీ పొడవు కొత్తవాళ్ళకు గడ్డం దాకా వస్తే చాలు. పొట్టి స్కీలు త్వరగా తిరుగుతాయి, నెమ్మదిగా పోతాయి. హెల్మెట్ తప్పనిసరి. జీన్స్ వద్దే వద్దు. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. నీళ్ళు పీల్చని ప్యాంటు, గ్లవ్స్ అద్దెకు దొరుకుతాయి. మంచు ఎండను తిరగ్గొడుతుంది, ఆ ఎత్తులో ఎండ ఘాటు కూడా ఎక్కువ. కళ్ళకు గాగుల్స్, ముక్కు కిందా గడ్డం కిందా కూడా సన్‌స్క్రీన్ కావాలి. నల్లటి చర్మానికి ఎండ ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళకు రెండో రోజుకే తెలిసొస్తుంది.

నేర్చుకోవడం ఎలా సాగుతుందో ఒక మనిషిని అనుకుని చూద్దాం. విజయవాడలో ఉద్యోగం, వయసు నలభై రెండు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, పొద్దున నడక తప్ప వేరే వ్యాయామం లేదు, మంచు చూడటం ఇదే మొదలు. గుల్మర్గ్‌లో ఆరు రోజులు ఉంటాడు. ఇన్‌స్ట్రక్టర్‌తో రోజుకు రెండు గంటలు పొద్దున, గంటన్నర మధ్యాహ్నం.

మొదటి పూట ఒకే స్కీ తొడిగి చదును నేల మీద నడిపిస్తారు. తర్వాత రెండో కాలికి. తర్వాత పక్కకు అడుగులు వేస్తూ వాలు ఎక్కడం. పది అడుగుల ఎత్తు ఎక్కేసరికి ఊపిరి అందదు. విజయవాడ సముద్రమట్టానికి దగ్గర్లో ఉంది, ఇక్కడ గాలి పలచన, కాబట్టి అది మామూలే. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉంటే మాత్రం ఆ రోజు పాఠం ఆపేయాలి. ఆ తర్వాత పడటం, లేవడం నేర్పుతారు. లేవాలంటే ముందు రెండు స్కీలనూ శరీరానికి దిగువ వైపు, వాలుకు అడ్డంగా పెట్టుకోవాలి. స్కీలు కిందికి చూస్తుండగా లేవబోతే లేచేలోపే జారిపోతాయి. ఇది తెలియక ఒకే చోట పదినిమిషాలు పెనుగులాడి ఆయాసపడిపోవడం ప్రతి వాలు మీదా కనిపిస్తుంది.

మధ్యాహ్నానికి స్నో ప్లవ్ మొదలవుతుంది. స్కీల ముక్కులు ముందు దగ్గరగా, తోకలు వెనక దూరంగా, లోపలి అంచులు మంచును గీస్తూ ఉండే భంగిమ. తోకలు ఎంత వెడల్పుగా తోస్తే అంత బ్రేకు. ముక్కులు ఒకదాని మీదొకటి ఎక్కితే పడిపోతారు, రెంటి మధ్య ఒక జానెడు వదలాలి. మన మనిషి పద్ధతి తెలుసుకున్నాడు, కానీ ఆగడం లేదు. కారణం కాళ్ళలో లేదు, నడుంలో ఉంది. ఎత్తు నుంచి కిందికి చూడగానే ఒళ్ళు తనంతట తనే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే బరువు స్కీ తోకల మీదికి పోతుంది, ముక్కులు తేలిపోతాయి, అంచులు పట్టవు, వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకా వెనక్కి వాలుతాడు. ఈ వలయం నుంచి బయటపడటమే తొలి మూడు రోజుల పని అంతా. ఎలా తెలుసుకోవాలంటే, ముంగాలి ఎముక బూటు నాలుకను నొక్కుతోందా లేక పిక్క వెనక వైపు ఆనిందా అని గమనించాలి. పిక్క ఆనితే వెనక్కి వాలినట్టే. తొడల ముందు కండరాలు మండిపోతున్నా అదే గుర్తు. చేతులు ముందుకు చాచి, మోకాలి చిప్పల మీద పెట్టుకోబోతున్నట్టు ఉంచితే నడుం దానంతటదే ముందుకు వస్తుంది. మంచి ఇన్‌స్ట్రక్టర్ ‘వాలొద్దు’ అని అరవడు, మీకు ఎదురుగా వెనక్కి నడుస్తూ ‘నా చేతులు అందుకోండి సార్’ అంటాడు.

రెండో రోజు పొద్దున లేవగానే తొడలు పట్టేసి ఉంటాయి. అయినా ఆ రోజే ఆగడం వస్తుంది. మూడో రోజు మలుపులు. స్నో ప్లవ్‌లో ఉంటూ ఎడమ స్కీ మీద బరువు మోపితే కుడికి తిరుగుతారు, కుడి స్కీ మీద మోపితే ఎడమకు. ఇది తలకిందులుగా అనిపిస్తుంది. తిరగాలనుకున్న వైపుకే భుజాలు తిప్పి, అటే ఒరుగుతారు అందరూ. ఒరిగిన వైపు స్కీ మీదికి బరువు పోయి తిరగాల్సింది తిరగదు. ఒక మలుపు పూర్తిగా తిరిగి, స్కీలు వాలుకు అడ్డంగా వచ్చి, వేగం తగ్గిన తర్వాతే రెండోది మొదలుపెట్టమని చెబుతారు. మధ్యలోనే వదిలేసి రెండోదానికి పోతే ప్రతి మలుపుకూ వేగం పెరుగుతూ పోతుంది. మలుపులు వేగం తగ్గించుకోవడానికి ఉన్నాయన్న సంగతి ఒంటికి తెలిసేది ఈ మూడో రోజే.

డ్రాగ్ లిఫ్ట్ కూడా మూడో రోజుకే. తాడుకు వేలాడే పట్టీని కాళ్ళ మధ్యకో నడుం వెనక్కో పెట్టుకుంటే అది లాక్కుపోతుంది. కుర్చీ అనుకుని దాని మీద కూర్చున్నవాళ్ళు అక్కడే కూలబడతారు. నిలబడే ఉండాలి, మోకాళ్ళు కొంచెం వదులుగా, స్కీలు రెండూ సమాంతరంగా. మధ్యలో పడితే పట్టీ వదిలేసి వెంటనే పక్కకు దొర్లిపోవాలి, వెనక ఇంకొకరు వస్తుంటారు.

నాలుగో రోజు చాలామందికి చెడ్డరోజు. అలసట పేరుకుంటుంది, నిన్న వచ్చింది ఇవాళ రాదు. మన మనిషికీ అదే. ఆ పూట సగం సెలవు తీసుకుంటే ఐదో రోజు బాగుంటుంది. రోజు చివర్లో ‘ఇంకొక్కసారి’ అని ఎక్కినప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. తొడలు వణుకుతున్నాయంటే స్కీలు విప్పేసి నడిచి దిగండి. ఐదు, ఆరు రోజుల్లో ఆయన పది డిగ్రీల వాలు మీద ఎనిమిదో పదో మలుపులు వరసగా తిరిగి, అనుకున్న చోట ఆగగలుగుతాడు. స్కీలు రెండూ సమాంతరంగా పెట్టి సినిమాలో మాదిరి దూసుకుపోవడం ఆ వారంలో రాదు. నలభైల్లో మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి దానికి ఇంకో రెండు మూడు సీజన్లు కావాలి. పక్కన ఏడేళ్ళ పిల్ల రెండో రోజే జారిపోతుంటుంది. ఆ పిల్ల పడేది రెండడుగుల ఎత్తు నుంచి. ఆమెతో పోల్చుకోవడంలో అర్థం లేదు.

దెబ్బల్లో రెంటి గురించి ముందే తెలిసుండాలి. ఒకటి బొటనవేలు. స్కీ కర్ర పట్టుకునే పడితే అది బొటనవేలిని వెనక్కి విరిచి, కీలు పక్కనున్న స్నాయువును తెంపుతుంది. అందుకే చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు తొలి రెండు రోజులు కర్రలు ఇవ్వరు. ఇచ్చాక కూడా పట్టీలో చెయ్యి దూర్చకండి, పడబోతున్నప్పుడు కర్ర వదిలేయండి. రెండోది మోకాలు. పూర్తిగా వెనక్కి కూర్చుండిపోయి కూడా పడకుండా నిలదొక్కుకోబోతే, లేదా జారుతుండగానే లేవబోతే మోకాలి లోపలి స్నాయువు మీద భారం పడుతుంది. పడక తప్పదనిపిస్తే ఎదిరించకుండా పక్కకు, ఎగువ వైపుకు పడి, పూర్తిగా ఆగాకే లేవాలి. పడిన వెంటనే ‘టప్’ మన్న చప్పుడు వినిపించి కొద్ది గంటల్లో మోకాలు వాస్తే ఆ రోజుతో స్కీయింగ్ ఆపి, ఎముకల డాక్టరుకు చూపించాలి. మరోసారి ప్రయత్నిద్దాం అనుకోకూడదు. అన్నట్టు, మీ ప్రయాణ బీమాలో స్కీయింగ్ కలిసి ఉందో లేదో బయల్దేరకముందే చదవండి. చాలా పాలసీల్లో దానికి విడిగా కట్టాలి.

వాలు మీద అందరూ పాటించే నియమం ఒకటుంది. దిగువన ఉన్నవాళ్ళకే దారి హక్కు. పైనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి, ఎందుకంటే దిగువవాళ్ళకు వెనక ఏముందో కనపడదు. అంటే మీ ముందు నడిచే పర్యాటకులు, స్లెడ్జి మీద కూర్చున్న పిల్లలు అందరూ మీ బాధ్యతే. గుల్మర్గ్ వాలుల మీద స్కీయర్లు, నడిచేవాళ్ళు, స్లెడ్జిలు కలిసి తిరుగుతారు కాబట్టి పొద్దున తొమ్మిదిన్నర లోపే మొదలుపెడితే జనం తక్కువ. ఆగి నిలబడాలంటే వాలు అంచుకు వెళ్ళి నిలబడండి, నడిమధ్యలో కాదు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి? కుదిరితే ప్రభుత్వ సంస్థల కోర్సులే నయం. గుల్మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. హిమాచల్‌లో మనాలి పర్వతారోహణ సంస్థ సొలాంగ్‌లో నేర్పుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజులు, పద్నాలుగు రోజుల కోర్సులు నడుపుతూ వచ్చింది. ఔలీ వాలులు వెడల్పుగా, కొత్తవాళ్ళకు అనువుగా ఉంటాయి, కానీ అక్కడ మంచు గుల్మర్గ్ కన్నా తక్కువ నమ్మకం. జోషీమఠ్ నుంచి ఉన్న రోప్‌వేను 2023 జనవరిలో ఆ ఊరు కుంగినప్పుడు ఆపేశారు, కాబట్టి రోడ్డు ప్రయాణానికి సిద్ధపడి వెళ్ళాలి. సంస్థల కోర్సులకు తేదీలు ముందే ఖరారై ఉంటాయి, సీట్లు త్వరగా నిండుతాయి. తెల్లవారకముందే లేపుతారు, సామాను మీరే మోయాలి. సెలవుల సరదా కోరేవాళ్ళకు అది పడదు.

ప్రైవేటుగా కుదుర్చుకునేటప్పుడు గంట లెక్కన ఒప్పుకోకండి, కనీసం మూడు రోజులకు మాట్లాడుకోండి. గంట లెక్కన వచ్చినవాళ్ళకు మిమ్మల్ని లాక్కుంటూ తిప్పడంలోనే లాభం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఒకరు దిగుతుంటే మిగతావాళ్ళకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ముందే రెండు ప్రశ్నలు అడగండి: ‘భాయ్‌సాబ్, ఏ కోర్సు చేశారు? మొదటి రోజు మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు?’ మొదటిదానికి సర్టిఫికెట్ చూపించగలగాలి. రెండోదానికి ‘గండోలా పైకి’ అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. మంచి శిక్షకుడు మొదటి పూటలో సగభాగం చదును నేల మీదే గడుపుతాడు. చెయ్యి పట్టుకుని దింపడానికి బదులు మీకు ఎదురుగా దిగుతాడు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఇంకో దారి ఉంది. దుబాయ్‌లోని మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచి నడుస్తున్న ఇండోర్ స్కీ కేంద్రంలో కొత్తవాళ్ళకు విడిగా వాలు, పాఠాలు ఉన్నాయి. మంచు ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది, గాలి పలచనగా ఉండదు. అక్కడ రెండు మూడు పాఠాలు తీసుకుని ఆగడం నేర్చుకుని వచ్చినవాళ్ళకు గుల్మర్గ్‌లో తొలి రెండు రోజులు కలిసొస్తాయి. అమెరికా, యూరప్‌లో ఉన్నవాళ్ళైతే పిల్లల కోసం, కొత్తవాళ్ళ కోసం కన్వేయర్ పట్టా వేసిన చిన్న వాలులున్న రిసార్టును చూసుకోవాలి. అక్కడ డ్రాగ్ లిఫ్ట్ బెంగ ఉండదు. పెద్ద రిసార్టుల పేరు చూసి పోతే కొత్తవాళ్ళు వాడుకోలేని కొండలకు కూడా టికెట్ కట్టాల్సి వస్తుంది.

బయల్దేరేముందు ఆరు వారాల పాటు ఇంట్లో చేయదగ్గ పని ఒకటి చెప్పి ముగిస్తాను. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడండి. మొదట్లో ముప్ఫై సెకన్లు కూడా కష్టం. రోజూ మూడుసార్లు చేస్తూ నిమిషంన్నర దాకా తీసుకెళ్ళండి. దాంతోపాటు నాలుగంతస్తుల మెట్లు ఎక్కడం, మరీ ముఖ్యంగా నెమ్మదిగా దిగడం. స్నో ప్లవ్‌లో పనిచేసేవి ఈ కండరాలే. తిరుగు ప్రయాణానికి శ్రీనగర్ విమానం టికెట్‌ను పాఠాలు ముగిసిన మర్నాటికి కాకుండా ఇంకో రోజు వదిలి తీసుకోండి. పెద్ద మంచు పడితే టంగ్‌మర్గ్ దారి మూసుకుపోతుంది, విమానాలూ రద్దవుతాయి. మంచు తక్కువై మొదటి రోజు పాఠం వాయిదా పడినా ఆ మిగులు రోజే అక్కరకొస్తుంది.